చవక మందు మీద అనుమానం తీర్చాల్సింది మీరే: ఔషధ నియంత్రణ అధికారులకు, వైద్య మండళ్లకు, డాక్టర్లకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల ఔషధ నియంత్రణ అధికారులకు, వైద్య మండళ్ల సభ్యులకు, ప్రాక్టీసులో ఉన్న డాక్టర్లకు,

నమస్కారం.

నేను ఒక చిన్న పట్టణంలో మందుల షాపు నడుపుకుంటున్న రిజిస్టర్డ్ ఫార్మసిస్టును. పేటెంటు తీరాక వేరే కంపెనీలు కూడా తయారు చేసే జనరిక్ మందుల విషయంలో జనంలో ఉన్న భయం గురించి, దాన్ని తీర్చడానికి ఏం చేయవచ్చో సూచిస్తూ మాలాంటి కొందరం ఇంతకుముందే సంబంధిత అధికారులకు రాతపూర్వకంగా వినతి ఇచ్చాం. అందినట్టు రసీదు వచ్చింది, జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

1. మా కౌంటర్ దగ్గర జరుగుతున్నది

బీపీకి వాడే టెల్మిసార్టన్ 40 మిల్లీగ్రాముల బిళ్లనే తీసుకుందాం. పేరున్న బ్రాండు అయితే ఒక్కో బిళ్ల సుమారు ఏడు రూపాయలు. జన్ ఔషధి కేంద్రంలో అదే మందు, అదే మోతాదు, రూపాయిన్నర లోపే దొరుకుతుంది. నెలకు లెక్కేస్తే ఒకచోట రెండొందల పైచిలుకు, ఇంకోచోట యాభై లోపు. ఇది ఒక్క బిళ్ల మాట. బీపీతో పాటు షుగరు, కొలెస్ట్రాల్ ఉన్నవాళ్లకు ఇలాంటివి నాలుగైదు ఉంటాయి, అవీ జీవితాంతం.

కూలి చేసుకునే వాళ్లు నెల మందులు ఒకేసారి కొనరు. "ఐదు బిళ్లలు కత్తిరించి ఇవ్వు బాబూ" అంటారు. ఆ ఐదూ అయిపోయాక మళ్లీ డబ్బు చేతికొచ్చేదాకా ఆగుతారు. కొందరు రోజు విడిచి రోజు వేసుకుంటారు. తలనొప్పి, కళ్లు తిరగడం లేకపోతే బీపీ బాగానే ఉందనుకుంటారు. పక్షవాతం వచ్చాక, కిడ్నీలు దెబ్బతిన్నాక మళ్లీ మీ ఆసుపత్రులకే వస్తారు.

చవకది తీసుకోవచ్చుగా అని నేను అంటే వచ్చే జవాబు ఒకటే: "వద్దు బాబూ, జనరిక్ అయితే సరిగా పనిచేయదంట, డాక్టరుగారు తిడతారు." ఈ మాట వాళ్లకు ఎవరు చెప్పారన్నది పక్కన పెడదాం. అది నిజమో కాదో తేల్చగల కాగితాలు మాత్రం మీ దగ్గరున్నాయి, వాళ్ల దగ్గర లేవు. ఈ లేఖ రాయడానికి కారణం అదే.

2. బయోఈక్వివలెన్స్ అంటే అసలు ఏం చూస్తారు

ఒక మందు పేటెంటు గడువు తీరాక వేరే కంపెనీలు దాన్ని తయారు చేయవచ్చు. మొదటి కంపెనీ వేలమంది రోగుల మీద చేసిన ప్రయోగాలను వీళ్లు మళ్లీ చేయనక్కర్లేదు, ఎందుకంటే ఆ మందు బీపీ తగ్గిస్తుందని అప్పటికే రుజువైంది. వీళ్లు రుజువు చేయాల్సింది ఒక్కటే: తమ బిళ్ల మింగితే అదే మందు అంతే మొత్తంలో, అంతే వేగంగా రక్తంలోకి చేరుతుందని.

షుగరుకు వాడే గ్లిమెపిరైడ్ బిళ్లను పరీక్షిస్తున్నారనుకుందాం. రెండు మూడు డజన్ల మంది ఆరోగ్యవంతులైన వలంటీర్లను తీసుకుంటారు. లాటరీ పద్ధతిలో వాళ్లను రెండు జట్లు చేస్తారు. ఒక జట్టుకు మొదటి కంపెనీ బిళ్ల, రెండో జట్టుకు కొత్త కంపెనీ బిళ్ల ఇస్తారు. వీళ్లకు షుగరు జబ్బు లేదు కాబట్టి రక్తంలో చక్కెర మరీ పడిపోకుండా మధ్యమధ్య గ్లూకోజు నీళ్లు తాగిస్తారు. బిళ్ల వేసుకోకముందు ఒకసారి, ఆ తర్వాత మొదట అరగంటకోసారి, పోనుపోను ఎక్కువ వ్యవధి ఇస్తూ రక్తం తీసి, అందులో మందు ఎంత ఉందో కొలుస్తారు. ఆ మందు ఒంట్లోంచి పూర్తిగా పోయేదాకా కొన్ని రోజులు ఆగి, జట్లను తారుమారు చేసి మళ్లీ అదంతా చేస్తారు. అంటే ప్రతి మనిషీ రెండు బిళ్లలూ వేసుకుంటాడు. పోలిక ఒకే మనిషి ఒంట్లో జరుగుతుంది.

చివరికి రెండు అంకెలు చూస్తారు. రక్తంలో మందు అత్యధికంగా ఎంతకు చేరింది అనేది ఒకటి. మొత్తం మీద ఒంటికి ఎంత మందు అందింది అనేది రెండోది. కొత్త బిళ్ల అంకెను పాత బిళ్ల అంకెతో పోల్చి శాతంలో రాస్తారు.

80 నుంచి 125 శాతం అనే హద్దు వచ్చేది ఇక్కడే. చదువుకున్నవాళ్లు, కొందరు డాక్టర్లు కూడా, దీన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నారు. "జనరిక్ బిళ్లలో మందు 20 శాతం తక్కువ ఉన్నా పాసైపోతుంది" అనే మాట నేను చాలాసార్లు విన్నాను. అది నిజం కాదు. బిళ్లలో ఎంత మందు ఉండాలన్నది వేరే పరీక్ష. మందుల ప్రమాణాల గ్రంథమైన ఇండియన్ ఫార్మకోపియాలో ఒక్కో మందుకు హద్దు రాసి ఉంటుంది. ఉదాహరణకు పారాసిటమాల్ బిళ్లలో లేబుల్ మీద రాసినదానికి 95 నుంచి 105 శాతం మధ్యే ఉండాలి. జనరిక్‌కు ఒక హద్దు, బ్రాండుకు ఇంకో హద్దు అంటూ లేవు.

80–125 హద్దు రక్తంలో కొలిచిన అంకెలకు సంబంధించింది. అది కూడా సగటుకు కాదు. కొలతల్లో మనిషికీ మనిషికీ తేడాలుంటాయి కాబట్టి, అసలు నిష్పత్తి ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉండవచ్చో 90 శాతం నమ్మకంతో ఒక విస్తీర్ణం లెక్కగడతారు. ఆ విస్తీర్ణం రెండు కొసలూ 80, 125 మధ్యలోనే పడాలి. ఒక కంపెనీ బిళ్ల సగటు 95 వచ్చి, విస్తీర్ణం 88 నుంచి 103 అయితే పాసు. ఇంకో కంపెనీది సగటు 85 వచ్చిందనుకోండి, విస్తీర్ణం 77 నుంచి 94 అయితే ఫెయిలు. సగటు 80 పైనే ఉన్నా కింది కొస 80 దాటి కిందికి పోయింది మరి. నిజంగా 20 శాతం తక్కువ అందే బిళ్లకు ఈ పరీక్ష దాటే అవకాశం చాలా తక్కువ.

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తాను పన్నెండేళ్లలో ఆమోదించిన జనరిక్‌లకు సంబంధించి 2,070 అధ్యయనాలను కలిపి చూసింది. అసలు మందుకూ జనరిక్‌కూ మధ్య ఒంటికి అందిన మొత్తంలో సగటు తేడా 3.56 శాతం, అత్యధిక స్థాయిలో సగటు తేడా 4.35 శాతం వచ్చింది. పేరున్న కంపెనీ తన బిళ్ల ఫార్ములాను పెద్దగా మార్చుకున్నా ఇదే పరీక్ష చేసి చూపించాలి.

3. ఈ పరీక్ష ఎందుకు అవసరమైంది

మందు అదే, మోతాదు అదే అయినా ఒంట్లో వేరుగా పనిచేయవచ్చని వైద్యలోకం నష్టపోయి నేర్చుకుంది. 1968 ప్రాంతంలో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో మూర్ఛకు ఫెనిటాయిన్ వాడుతున్న రోగులు ఉన్నట్టుండి తూలిపోవడం, మాట ముద్దగా రావడం మొదలైంది. రక్తంలో మందు విష స్థాయికి చేరిందని తేలింది. ఎవరూ మోతాదు పెంచలేదు. క్యాప్సూల్‌లో నింపడానికి వాడే కాల్షియం సల్ఫేట్ అనే పొడి బదులు లాక్టోజ్ వాడడం మొదలుపెట్టారు, అంతే. ఆ పాత పొడి మందును కొంత పట్టి ఉంచేది. కొత్త పొడి పట్టలేదు. దాంతో ఎక్కువ మందు రక్తంలోకి చేరింది.

దీన్నుంచి రెండు సంగతులు చెప్పాలి. ఒకటి, బిళ్లలో పని చేసే మందు ఒక్కటే కాదు, నింపే పొడి, పిండి, కోటింగ్ కూడా లెక్కలోకి వస్తాయి. కాబట్టి డాక్టర్ల ఆందోళన ఉత్తది కాదు, దాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. రెండు, అక్కడ మారింది ధర కాదు, ఫార్ములా. ఆ తేడా లేబుల్ మీది పేరు చూస్తే తెలిసేది కాదు, రక్తంలో కొలిస్తేనే తెలిసింది.

ఇప్పటికీ ఫెనిటాయిన్, కార్బమజెపైన్, థైరాయిడ్‌కు వాడే లెవోథైరాక్సిన్, రక్తం పలుచబరిచే వార్ఫరిన్, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు వాడే టాక్రోలిమస్ లాంటి వాటిలో సరిపోయే మోతాదుకూ హాని చేసే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. వీటిలో ఒక కంపెనీది వాడి కుదురుకున్నవాళ్లు నెలకో కంపెనీ మార్చకూడదు. మార్చాల్సి వస్తే డాక్టరుకు చెప్పి, రక్త పరీక్ష చేయించుకుంటూ మార్చాలి. బ్రాండు నుంచి బ్రాండుకు మారినా ఇదే జాగ్రత్త. అలాగే మామూలు మెట్‌ఫార్మిన్ 500, నెమ్మదిగా కరిగే ఎస్‌ఆర్ 500 ఒకటి కావు. వాటిని ఒకదానికి బదులు ఒకటి ఇవ్వకూడదు. ఎస్‌ఆర్ బిళ్లను నలిపి వేసుకోకూడదు కూడా.

4. ధర తేడా ఎక్కడినుంచి వస్తోంది

మన దేశంలో పేటెంటు తీరిన మందుల్లో మనం "బ్రాండు" అని పిలిచేవి చాలావరకు జనరిక్‌లే. ఒక కంపెనీ దానికి ఒక పేరు పెట్టి, మెడికల్ రెప్‌లను పంపి, డాక్టర్లకు పరిచయం చేసి అమ్ముతుంది. ఇంకో కంపెనీ పేరు లేకుండానో, రెప్‌లు లేకుండానో అమ్ముతుంది. స్ట్రిప్ వెనక "తయారీ" అని ఉన్న చోట ఒక కంపెనీ, "మార్కెటింగ్" అని ఉన్న చోట ఇంకో కంపెనీ పేరు చూడండి. ఒకే ఫ్యాక్టరీ ఇద్దరు ముగ్గురికి చేసిపెట్టడం మా రంగంలో మామూలు విషయం.

ఢిల్లీ పరిశోధకులు 2011లో ప్రచురించిన ఒక అధ్యయనం ఈ విషయాన్ని నేరుగా తేల్చింది. ఆల్ప్రజొలామ్, సెటిరిజిన్, సిప్రోఫ్లాక్ససిన్, ఫ్లుయోక్సెటిన్, లాన్సొప్రజోల్ అనే ఐదు మందులు తీసుకున్నారు. ఒక్కో మందుకు ఒకే కంపెనీ అమ్ముతున్న రెండు రకాలు, అంటే రెప్‌లు ప్రచారం చేసే బ్రాండు ఒకటి, షాపులకు నేరుగా తోసే జనరిక్ ఒకటి కొని ల్యాబులో పరీక్ష చేయించారు. రెండు రకాలూ ప్రమాణాలకు లోబడే ఉన్నాయి. తేడా అంతా షాపువాడి మార్జిన్‌లో ఉంది. బ్రాండు మీద 25 నుంచి 30 శాతం. జనరిక్ మీద 201 నుంచి 1,016 శాతం.

షాపు నడిపేవాణ్ణి కాబట్టి ఈ మాట నేనే చెప్పాలి: జనరిక్ ధర తగ్గినా ఆ లాభం రోగికి చేరకుండా మధ్యలోనే ఆగిపోతోంది. ఉదాహరణకు షాపుకు ఆరు రూపాయలకు పడే స్ట్రిప్ మీద ఎంఆర్‌పీ నలభై అని ముద్రించి ఉంటుంది. పది శాతం తగ్గించి ముప్పై ఆరుకు ఇచ్చినా కొన్నవాళ్లు సంతోషిస్తారు. ధరల నియంత్రణ ఉత్తర్వు కింద జాబితాలో ఉన్న మందులకు గరిష్ఠ ధర లెక్కగట్టేటప్పుడు షాపు మార్జిన్ 16 శాతమే కలుపుతారు. కానీ ఆ గరిష్ఠ ధరకు లోబడి ఎంఆర్‌పీ ఎంత ముద్రించినా, షాపుకు ఎంతకిచ్చినా అడిగేవాళ్లు లేరు. పైగా నలభై రూపాయల ఎంఆర్‌పీ చూసి "పర్లేదు, మంచిదే" అని, ఆరు రూపాయల ధర చూసి "నాసిరకం" అని జనం అనుకుంటున్నారు. రెండు సందర్భాల్లోనూ చేతిలో ఉన్నది ఒకే బిళ్ల కావచ్చు.

5. నాసిరకం మందులు లేవా? ఉన్నాయి

కేంద్రం 2014–16లో చేయించిన జాతీయ సర్వేలో నలభై ఏడు వేల నమూనాలు పరీక్షించారు. అన్నీ కలిపి ప్రమాణాలకు తగ్గినవి మూడు శాతం పైచిలుకు. ప్రభుత్వ సరఫరా నిల్వల నుంచి తీసిన నమూనాల్లో మాత్రం ఇది సుమారు పది శాతం. టెండర్లో అతి తక్కువ ధర చూసి కొని, వచ్చిన సరుకు పరీక్షించకుండా పంచితే, మే నెలలో రేకుల షెడ్డులో నిల్వ చేస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ నెలనెలా విడుదల చేసే నాణ్యత తప్పిన మందుల జాబితాల్లో పేరున్న బ్రాండ్లూ కనిపిస్తాయి, పేరులేనివీ కనిపిస్తాయి. అంటే నాణ్యత ఫ్యాక్టరీని బట్టి, బ్యాచ్‌ను బట్టి, నిల్వను బట్టి మారుతోంది, ధర ప్రకారం కాదు.

ఇంకో లోటు కూడా ఉంది. మన దేశంలో నీటిలో సరిగా కరగని మందుల బిళ్లలకు లైసెన్సు ఇచ్చేముందు బయోఈక్వివలెన్స్ నివేదిక తప్పనిసరి చేసింది 2017 ఏప్రిల్‌లో. అంతకుముందు, ఒక మందు దేశంలో ఆమోదం పొంది నాలుగేళ్లు దాటితే ఆ నివేదిక లేకుండానే రాష్ట్ర స్థాయిలో లైసెన్సు పొందే వీలుండేది. టెల్మిసార్టన్, గ్లిమెపిరైడ్, కార్బమజెపైన్ ఈ సరిగా కరగని రకానివే. ఇవాళ షాపులో ఉన్న ఏ బిళ్ల ఆ పరీక్ష దాటింది, ఏది దాటకుండానే వచ్చింది అన్నది డాక్టరుకు తెలియదు, నాకు తెలియదు, వేసుకునే మనిషికీ తెలియదు. ఏడు రూపాయల బ్రాండుకు కూడా ఇదే వర్తిస్తుంది. డాక్టర్లు తమకు నమ్మకమైన కంపెనీ అని రాస్తున్నప్పుడు ఆ నమ్మకానికి ఆధారం తమ అనుభవం, ఆ కంపెనీ పేరు. ఆ పరీక్ష నివేదికను వాళ్లు కూడా చూసి ఉండరు.

6. మా చేతులు ఎక్కడ కట్టేసి ఉన్నాయి

చీటీ మీద బ్రాండు పేరు రాసి ఉంటే, అది డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందు అయితే, అదే మందు వేరే కంపెనీది ఇవ్వడానికి డ్రగ్స్ రూల్స్‌లోని 65వ నియమం నాకు ఒప్పుకోదు. బీపీ, షుగరు మందులు చాలావరకు ఆ షెడ్యూల్‌లోవే. కాబట్టి ధర తగ్గేది చీటీ దగ్గరే. 2016లో సవరించిన వైద్య ప్రవర్తనా నియమావళి, డాక్టర్లు జనరిక్ పేరు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని చెప్పింది. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ జనరిక్ పేర్లే రాయాలంటూ కొత్త నియమాలు తెచ్చి, నాణ్యతకు హామీ ఏదని డాక్టర్ల సంఘాలు అభ్యంతరం చెప్పాక అదే నెలలో పక్కన పెట్టింది. పాత నియమం మాత్రం అమల్లోనే ఉంది. హామీ ఏదన్న ప్రశ్న సరైనదే. దానికి జవాబు ఇవ్వాల్సింది ఔషధ నియంత్రణ శాఖలే.

7. మేము అడుగుతున్నవి

అ) మీరు లైసెన్సు ఇచ్చిన ప్రతి బిళ్లకు బయోఈక్వివలెన్స్ నివేదిక ఉందా లేదా, ఏ మందుతో పోల్చారు, ఏ ఏడాదిలో చేశారు అన్నది తయారీదారు పేరుతో సహా అందరికీ కనిపించేలా పెట్టండి. 2017 ముందు లైసెన్సు పొందిన, సరిగా కరగని మందులకు గడువు పెట్టి ఆ నివేదిక తెప్పించండి. మొదట మూర్ఛ మందులతో మొదలుపెట్టండి, ఎందుకంటే అక్కడ చిన్న తేడా కూడా ఫిట్స్‌కు దారితీస్తుంది.

ఆ) మీ ఇన్‌స్పెక్టర్లు తీసే నమూనాల ఫలితాలను, ఫెయిలైనవే కాదు, పాసైనవి కూడా బ్యాచ్ నంబర్లతో ప్రకటించండి. ఫలానా జనరిక్ ఎన్నిసార్లు పరీక్షించారు, ఎన్నిసార్లు నెగ్గింది అన్నది తెలిస్తే డాక్టరుకు భయం పోతుంది. నమూనా తీసిన నాటి నుంచి ఫలితం రావడానికి నెలలు పట్టకూడదు. అప్పటికి ఆ బ్యాచ్ మొత్తం జనం మింగేసి ఉంటారు.

ఇ) ప్రభుత్వ ఆసుపత్రులకు కొనే మందుల్లో ప్రతి బ్యాచ్‌ను పంచకముందే పరీక్షించండి. గోదాముల్లో ఉష్ణోగ్రత రికార్డు పెట్టండి.

ఈ) ఔషధ చట్టంలోని 26వ సెక్షన్ ప్రకారం ఎవరైనా తాము కొన్న మందును ఫీజు కట్టి ప్రభుత్వ అనలిస్టు దగ్గర పరీక్ష చేయించుకోవచ్చు. ఇది జనానికి తెలియదు. దరఖాస్తును తెలుగులో, ఎక్కడ ఇవ్వాలో, ఫీజు ఎంతో చెబుతూ ప్రతి జిల్లాలో అందుబాటులో ఉంచండి.

ఉ) షాపుకు పడే ధరకూ ఎంఆర్‌పీకీ మధ్య తేడా విపరీతంగా ఉన్న జనరిక్‌ల వివరాలు సేకరించి జాతీయ ఔషధ ధరల సంస్థకు పంపండి, మార్జిన్‌కు హద్దు పెట్టమని కోరండి. మా వర్తకులకు ఇది నచ్చకపోవచ్చు. అయినా అడుగుతున్నాను.

ఊ) వైద్య మండళ్లు జనరిక్ పేరు రాయమన్న నియమాన్ని డాక్టర్లకు మళ్లీ గుర్తుచేయాలి. ఎడం తక్కువున్న మందుల జాబితా ఒకటి విడిగా ఇచ్చి, వాటికి కంపెనీ మార్చవద్దని రాసే వెసులుబాటు ఇవ్వాలి. డాక్టర్లకు నా విన్నపం: జనరిక్ పేరు పక్కన మీకు నమ్మకమున్న కంపెనీ పేరు కూడా రాయాలనిపిస్తే రాయండి. కానీ, రోగికి చవక మందు పనిచేయదని చెప్పే ముందు ఏ మందు, ఏ బ్యాచ్, ఏ లోపం అన్నది కూడా చెప్పండి. నిజంగా పనిచేయని బిళ్ల మీ దృష్టికి వస్తే స్ట్రిప్ దాచి ఔషధ తనిఖీ అధికారికి ఇవ్వండి. అప్పుడు ఆ బ్యాచ్ మొత్తాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తెప్పించే వీలుంటుంది.

ఈ లేఖకు జవాబు రాతపూర్వకంగా, వీటిలో ఏది ఎప్పటిలోగా చేస్తారో, ఏది చేయలేరో కారణంతో సహా కోరుతున్నాను. ఆ జవాబును మా షాపుల్లో బోర్డు మీద పెట్టడానికి మేము సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక రిజిస్టర్డ్ ఫార్మసిస్టు